కబురు ఎక్కడ? పనివాడు ఎవరు?

అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక అరబ్బీ వ్యాకరణ పుస్తకం తెరిచిన వాడికి మొదటి పేజీల్లోనే ఒక అనుమానం వస్తుంది. ఇది వ్యాకరణమా, మేస్త్రీ రాసుకున్న కూలీల లెక్కా అని. పుస్తకం నిండా ‘పనివాడు’ కనిపిస్తాడు. ‘ఎత్తడం’, ‘నిలబెట్టడం’, ‘దించడం’, ‘కోసేయడం’ అనే మాటలు అడుగడుగునా తగులుతాయి. ‘కట్టడం’ అని ఒక మాట, ‘కబురు’ అని ఇంకో మాట. నిఘంటువు అబద్ధం చెప్పలేదు. ఆ మాటలకు అరబ్బీలో ఇంటి అర్థాలు అవే. వాటినే వ్యాకరణవేత్తలు తీసుకుని పరిభాషగా మార్చుకున్నారు.

ఈ అనుమానం కలిగించే పుస్తకాల్లో అందరికంటే ముందు చేతికొచ్చేది ‘ఆజుర్రూమియ్యా’. రాసినవాడు మొరాకోలోని ఫెజ్ నగరానికి చెందిన ఇబ్న్ ఆజుర్రూమ్. ఆయన 1323లో చనిపోయాడు. వ్యాఖ్యానం లేకుండా మూలం మాత్రమే అచ్చువేస్తే పలుచని చిన్న పుస్తకం అవుతుంది. పిల్లలు దాన్ని మొత్తం కంఠస్థం చేసేవారు, ఇప్పటికీ చేస్తున్నారు. యూరప్‌లో అరబ్బీ నేర్చుకోవాలనుకున్న వాళ్లకు కూడా ఇదే దిక్కయింది. 1592లో రోమ్‌లో అచ్చయింది, 1617లో ఎర్పేనియస్ అనే డచ్చి పండితుడు దీన్ని లాటిన్ అనువాదంతో తెచ్చాడు. ఇంత చిన్న పుస్తకం మీద వ్యాఖ్యానాలు మాత్రం లెక్కకు అందనన్ని. కారణం సులువు. మూలంలో నిర్వచనాలు మరీ కుదించి ఉంటాయి, ఉదాహరణలు ఒకటీ రెండూ. గురువు నోటి నుంచి వచ్చే వివరణ కోసం ఖాళీ ఉంచి రాసిన పుస్తకం అది.

ఆ వ్యాఖ్యానాల్లో ఒక అలవాటు ఉంది. దాన్ని పట్టుకుంటే సగం దారి నడిచినట్టే. ఏ పారిభాషిక పదం వచ్చినా వ్యాఖ్యాత దానికి రెండు అర్థాలు చెబుతాడు. ఒకటి ‘లుగతన్’, అంటే మామూలు భాషలో. రెండోది ‘ఇస్తిలాహన్’, అంటే శాస్త్రంవారు కుదుర్చుకున్న ఒప్పందంలో. కొత్త చదువరి చేసే పొరపాటు ఈ రెంటిలో ఒకదాన్ని వదిలేయడం. ఇంగ్లీషు వ్యాకరణంలోని పదాన్ని తెచ్చి అతికించుకుంటే మొదటి అర్థం పోతుంది. ఇంటి అర్థం దగ్గరే ఆగిపోతే రెండోది చేతికి రాదు.

తెలుగువాడికి ఇక్కడ ఒక చిన్న సౌకర్యం ఉంది. నవాబుల కాలంలో ఈ మాటల్లో చాలా వరకు ఫారసీ, ఉర్దూల మీదుగా మన నోళ్లలోకి వచ్చేశాయి. అరబ్బీ ‘ఖబర్’ మన ‘కబురు’. వ్యాకరణంలో ‘పనివాడు’ అన్న అర్థంలో వాడే ‘ఆమిల్’, మనం చట్టాన్ని ‘అమలు’ చేయడం, రెండూ ఒకే ధాతువు పిల్లలు. తెలుగు ‘ఆఖరు’ కూడా అక్కడిదే. అరబ్బీ వ్యాకరణం దృష్టంతా మాట ‘ఆఖరు’ మీదే ఉంటుంది కాబట్టి ఇది మరీ పనికొచ్చే చుట్టరికం.

ఆఖరు మీద ఎందుకంత పట్టు? అరబ్బీలో నామవాచకం చివర మారే చిన్న అచ్చు దాని పదవిని చెబుతుంది. చివర ‘ఉ’ ఉంటే ఆ మాటకు ‘రఫ’, అంటే ఎత్తు, దక్కింది. ‘అ’ ఉంటే ‘నస్బ్’, నిలబెట్టడం. ‘ఇ’ ఉంటే ‘ఖఫ్ద్’, దించడం. క్రియల్లో కొన్నిటికి చివరి అచ్చు అసలే పోతుంది. అది ‘జజ్మ్’, కోసేయడం. ఇలా మారడాన్ని ‘ఇఅరాబ్’ అంటారు. ఎప్పటికీ మారకుండా ఒకే రూపంలో ఉండే మాట ‘మబ్నీ’, అంటే కట్టేసినది, గోడలాగా. బడిలో డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని వల్లెవేసిన వాళ్లకు ఇది కొత్త లోకమేమీ కాదు. మనది ఒక ప్రత్యయం, వాళ్లది ఒక అచ్చు, అంతే.

ఆ అచ్చు ఎంత పని చేస్తుందో చెప్పడానికి అరబ్బులు ఒక పాత కథ చెబుతారు. హిజ్రీ మొదటి శతాబ్దంలో బస్రా నగరంలో అబుల్ అస్వద్ అద్దుఅలీ అనే ఆయన ఉండేవాడు. వ్యాకరణానికి ఆద్యుడని సంప్రదాయం ఆయన్నే చెబుతుంది. ఒక రాత్రి ఆయన కూతురు ఆకాశం చూసి మురిసిపోతూ ఏదో అంది. ‘ఆకాశం ఎంత బాగుందో!’ అనాలని ఆ పిల్ల ఉద్దేశం. చివరి అచ్చులు తారుమారై, అది ‘ఆకాశంలో అన్నిటికంటే బాగున్నదేది?’ అనే ప్రశ్న అయికూర్చుంది. తండ్రి నింపాదిగా ‘చుక్కలమ్మా’ అని జవాబిచ్చాడట. ‘అహ్‌సను’ అంటే ప్రశ్న, ‘అహ్‌సన’ అంటే ఆశ్చర్యం. కథ జరిగిందో లేదో గానీ, అందులోని వ్యాకరణం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

తంటా ఏమిటంటే మామూలు అరబ్బీ రాతలో ఈ చిన్న అచ్చులు రాయరు. హల్లులూ దీర్ఘాలూ మాత్రమే కాగితం మీద ఉంటాయి. చివరి అచ్చు ఏమిటో చదివేవాడే తేల్చుకోవాలి. అది తేలాలంటే ఆ మాట వాక్యంలో ఏం పని చేస్తోందో ముందు తెలియాలి. అర్థం తెలుసుకోవడానికి చదవడం కాదు, చదవడానికే అర్థం తెలియాలి. వ్యాకరణ పుస్తకం ఈ ముడి విప్పడం కోసమే పుట్టింది.

ముడి విప్పే పద్ధతికి ఇరుసు ‘ఆమిల్’. ఏ మాట చివరా ఏ అచ్చూ ఊరికే రాదు, దాన్ని తెచ్చిపెట్టిన పనివాడు ఎవడో ఉండి తీరాలి అన్నది వ్యాకరణవేత్తల పట్టుదల. ఆ పనివాడు ‘ఆమిల్’. వాడి చేతికింద రూపం మారిన మాట ‘మఅమూల్’, అంటే పని జరిగినది. మన ‘మామూలు’ ఇదే మాట. అర్థం మాత్రం చాలా దూరం ప్రయాణం చేసింది.

ఆమిల్ అంటే ఏమిటో తెలుగులో చూపాలంటే ‘ఇల్లు’ చాలు. ‘ఇల్లు’ ఒంటరిగా ఉంటే ఇల్లు. దాని పక్కన ‘లో’ వచ్చి నిలబడగానే ‘ఇంటిలో’ అవుతుంది. ‘ఇల్లులో’ అని ఎవరూ అనరు. ఆ ‘లో’ వచ్చి ‘ఇల్లు’ని ‘ఇంటి’గా మార్చింది. అరబ్బీ పండితుడు చూస్తే ‘లో’ను ఆమిల్ అంటాడు. తేడా ఒక్కటే. తెలుగులో ఈ పనివాడు మాట వెనక నిలబడతాడు, అరబ్బీలో ముందు నడుస్తాడు. ‘బైతున్’ అంటే ఒక ఇల్లు. ‘ఫీ బైతిన్’ అంటే ఒక ఇంట్లో. ‘ఫీ’ వచ్చి ‘ఉ’ను దించి ‘ఇ’ చేసింది.

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. మూడు మాటలకూ మూడు అర్థాలు విడిగా నేర్చుకోవడం కంటే ఒకే వాక్యం మీద పనివాళ్లను ఒక్కొక్కరినే దింపి చూడటం మేలు. వ్యాకరణ పుస్తకాల్లో ఎప్పుడూ తిరిగే పాత్ర జైదు. వెయ్యేళ్లకు పైగా పాపం ఈయన నిలబడుతూ, కూర్చుంటూ, అమ్ర్ అనే ఇంకొకణ్ణి కొడుతూ ఉన్నాడు. ఆయన్నే పిలుద్దాం.

జైదున్ ఆలిమున్.

జైదు పండితుడు అని అర్థం. ఇంగ్లీషు ద్వారా అరబ్బీ నేర్చుకునేవాడు ఇక్కడ ‘ఈజ్’ ఎక్కడుందని వెతుకుతాడు. తెలుగువాడు వెతకడు. మనకూ రెండు నామాలు పక్కపక్కన పెడితే వాక్యం అయిపోతుంది. క్రియ అక్కర్లేదు. ఇందులో మొదటి మాట ‘ముబ్తదా’, అంటే దేనితో మొదలుపెట్టామో అది. రెండోది ‘ఖబర్’, కబురు. జైదు అనగానే వినేవాడు ‘ఊఁ, జైదుకేమైంది?’ అని చెవి ఒగ్గుతాడు. ‘పండితుడు’ అనేసరికి కబురు అందింది. కబురు అందకపోతే అది వాక్యం కాదు. ‘సబ్జెక్టు’, ‘ప్రెడికేట్’ అనే ఇంగ్లీషు మాటల కంటే ఈ పాత జంటలో ప్రాణం ఎక్కువగా ఉంది. ఇందులో చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ కనిపిస్తున్నారు.

ముబ్తదా రఫ స్థితిలో, కబురూ రఫ స్థితిలో. అందుకే రెంటి చివరా ‘ఉన్’. ఇప్పుడు ఈ వాక్యం ముందుకు ‘కాన’ అనే క్రియను తెద్దాం. దాని అర్థం ‘ఉండేవాడు’.

కాన జైదున్ ఆలిమన్.

జైదు పదవి చెక్కుచెదరలేదు. కబురు మాత్రం ‘ఉన్’ నుంచి ‘అన్’కు మారింది, నస్బ్ పడింది. తెలుగులోనూ ‘జైదు పండితుడు’ కాస్తా ‘జైదు పండితుడిగా ఉండేవాడు’ అయినప్పుడు మారింది పండితుడే, జైదు కాదు. ఇప్పుడు ‘కాన’ను పంపేసి ‘ఇన్న’ను పిలుద్దాం. ‘నిజంగా’ అని నొక్కి చెప్పే మాట అది.

ఇన్న జైదన్ ఆలిమున్.

వ్యవహారం తలకిందులైంది. ఈసారి జైదుకు నస్బ్, కబురుకు రఫ. చివరగా ‘జనన్తు’, అంటే ‘అనుకున్నాను’.

జనన్తు జైదన్ ఆలిమన్.

ఇద్దరికీ నస్బే. జైదును పండితుడనుకున్నాను అని తెలుగులో చెప్పినా జైదుకు ‘ను’ తగులుకుంటుంది చూడండి. ఆజుర్రూమియ్యాలో ఈ మూడు రకాల పనివాళ్లకు ఒక అధ్యాయమే ఉంది. ఒక్కొక్కరి వెనక ఒక పరివారం ఉంటుంది. దాన్ని అరబ్బీవాళ్లు ‘అక్కచెల్లెళ్లు’ అంటారు. ‘కాన అక్కచెల్లెళ్లు’, ‘ఇన్న అక్కచెల్లెళ్లు’. నిఘంటువు చూసి చదివేవాడు ఇక్కడ కూడా ఒక క్షణం ఆగి ముక్కు మీద వేలేసుకుంటాడు.

కాగితం మీద ఇవన్నీ ఎలా కనిపెట్టాలి? ఒక ఆనవాలు ఉంది. ‘అన్’తో ముగిసే మాటకు చాలావరకు రాతలో చివర ఒక అలిఫ్, ఆ నిలువు గీత, చేరుతుంది. అచ్చులు రాయని పుస్తకంలో కూడా అది కనిపిస్తుంది. పైన ‘కాన’ వాక్యంలో అలిఫ్ కబురు చివర ఉంటుంది, ‘ఇన్న’ వాక్యంలో జైదు చివర, ‘జనన్తు’ వాక్యంలో రెండు చోట్లా. మాట అర్థం తెలియకపోయినా వాక్యం ఎముకల గూడు అలా బయటపడుతుంది. కానీ ‘అల్’ చేరిన మాటలకు ఈ అలిఫ్ రాదు. అక్కడ మళ్లీ పనివాణ్ణి వెతుక్కోవలసిందే.

‘అల్’ దగ్గరే ఇంకో గోతి ఉంది. ‘అల్‌కితాబు జదీదున్’ అంటే పుస్తకం కొత్తది. వాక్యం పూర్తయింది, కబురు అందింది. ‘అల్‌కితాబుల్ జదీదు’ అంటే కొత్త పుస్తకం. ఇది వాక్యం కాదు, ముక్క. కబురు ఇంకా రావాలి. ముబ్తదాకు సాధారణంగా ‘అల్’ ఉంటుంది, కబురుకు ఉండదు. రెండో మాటకు కూడా ‘అల్’ తగులుకుందంటే అది చాలాసార్లు మొదటిదాని విశేషణమే. పాత పుస్తకాల్లో వాక్యాలు పొడుగ్గా సాగుతాయి. ముబ్తదా ఒక పంక్తిలో, దాని విశేషణాలు రెండు పంక్తుల్లో, కబురు నాలుగో పంక్తిలో ఉండవచ్చు. మధ్యలో తగిలిన విశేషణాన్నే కబురనుకుని అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టుకోవడం కొత్తవాళ్లు పదేపదే చేసే తప్పు. పొరపాటు జరిగిందనడానికి గుర్తు ఏమిటంటే ఆ తరువాతి పంక్తిలో యజమాని లేని మాట ఒకటి మిగిలిపోతుంది.

ఇంతవరకూ క్రియ లేని వాక్యం. క్రియతో మొదలయ్యే వాక్యంలో వచ్చే ‘కర్త’ పేరు వేరు. ‘దహబత్తాలిబు ఇలల్ మద్రసతి’ అంటే విద్యార్థి మద్రసాకు వెళ్లాడు. ‘దహబ’ క్రియ. ‘తాలిబు’ అంటే విద్యార్థి, ఇక్కడ వాడు ‘ఫాయిల్’, చేసినవాడు. వాడికి రఫ ఇచ్చిన పనివాడు ‘దహబ’ అనే క్రియే. ‘ఇలా’ ఇంకో పనివాడు, వాడు మద్రసాను దించి ‘మద్రసతి’ చేశాడు. ఇప్పుడు విద్యార్థిని ముందుకు జరపండి. ‘అత్తాలిబు దహబ ఇలల్ మద్రసతి’. అర్థం దాదాపు అదే. బస్రా పండితులను అడిగితే మాత్రం విద్యార్థి ఇప్పుడు ఫాయిల్ కాదు. ముబ్తదా అయిపోయాడు. ‘మద్రసాకు వెళ్లాడు’ అన్న మిగతా భాగమంతా ఒక చిన్న వాక్యమై వాడి గురించిన కబురుగా మారింది. ఆ చిన్న వాక్యంలోని ఫాయిల్ క్రియలోనే దాగిన ‘వాడు’ అనే సర్వనామం.

ఇది పండితుల చాదస్తం అనిపించవచ్చు. బహువచనంలో పెట్టి చూస్తే కాదని తేలుతుంది. ‘దహబత్తుల్లాబు’ అన్నప్పుడు విద్యార్థులు ఎందరున్నా క్రియ ఏకవచనంలోనే ఉంది. ‘అత్తుల్లాబు దహబూ’ అన్నప్పుడు క్రియ చివర బహువచనం ‘ఊ’ పుట్టుకొచ్చింది. రెండూ ఒకే నిర్మాణం అయితే క్రియ ఒకచోట మారి ఇంకోచోట మారకుండా ఉండదు. దాగిన సర్వనామం సంగతి తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. ‘వచ్చాడు’ అన్న ఒక్క మాటలో వచ్చినవాడు ఉన్నాడని మనకు పుట్టుకతో తెలుసు.

ఫాయిల్ విషయంలో ఇంటి అర్థం కొంతదూరమే తోడొస్తుంది. ‘మాత జైదున్’ అంటే జైదు చనిపోయాడు. చావడంలో జైదు చేసిందేమీ లేదు, అయినా ఇక్కడ అతనే ఫాయిల్. వ్యాకరణం లెక్కలో ఫాయిల్ అంటే తనకంటే ముందు వచ్చిన క్రియ ఎవరిని ఎత్తిందో ఆ నామం. ‘లుగతన్’, ‘ఇస్తిలాహన్’ అనే జంట అవసరం ఇక్కడ కళ్లకు కడుతుంది. మరి చేసినవాడి పేరు చెప్పకుండా ‘జైదు కొట్టబడ్డాడు’ అన్నప్పుడు? ‘దురిబ జైదున్’. దెబ్బలు తిన్న జైదుకు ఎత్తు పదవి దక్కింది. ఇలా ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్న మాటను ‘నాయిబ్ ఫాయిల్’ అంటారు. నాయబ్ తహసీల్దారును ఎరిగినవాళ్లకు ఈ పేరు వివరించనక్కర్లేదు. అయితే ఆజుర్రూమియ్యాలో ఈ పేరు వెతికితే దొరకదు. ‘చేసినవాడి పేరు చెప్పని కర్మ’ అనే పొడుగాటి పేరు అక్కడుంది. అలాగే ఇబ్న్ ఆజుర్రూమ్ ‘ఖఫ్ద్’ అన్నదాన్ని చాలా పుస్తకాలు ‘జర్ర్’ అంటాయి. ఖఫ్ద్ అనేది కూఫా నగర పండితుల అలవాటు, జర్ర్ బస్రావారిది. ఒక పుస్తకంతో మొదలుపెట్టి రెండో పుస్తకానికి మారినవాడు కొత్త విషయం అనుకుని కంగారుపడేది తరచూ ఇలాంటి పేర్ల మార్పు దగ్గరే.

ఈ కూఫా, బస్రా వాళ్లకు పేర్ల దగ్గరే కాదు, పనివాడి దగ్గరా పేచీ వచ్చింది. ‘జైదున్ ఆలిమున్’ అన్న మొదటి వాక్యానికి మళ్లీ వెళ్లండి. అందులో ‘కాన’ లేదు, ‘ఇన్న’ లేదు, క్రియ లేదు. మరి జైదును ఎత్తింది ఎవరు? ప్రతి అచ్చుకూ పనివాడు ఉండాలని పట్టుబట్టినవాళ్లు తప్పించుకోలేని ప్రశ్న ఇది. కంటికి కనిపించని పనివాడు ఒకడున్నాడని, వాడి పేరు ‘ఇబ్తిదా’, అంటే మొదలుపెట్టడం అనే స్థితే అని బస్రావారు అన్నారు. ముబ్తదా కబురును, కబురు ముబ్తదాను ఒకదాన్నొకటి ఎత్తుకున్నాయని కూఫావారు అన్నారు. ఇలాంటి వాదాలను 12వ శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్నుల్ అంబారీ ఏకంగా ఒక గ్రంథంగా కూర్చాడు.

11వ శతాబ్దంలో అబ్దుల్ ఖాహిర్ అల్‌జుర్జానీ పనివాళ్లందరికీ జాబితా వేసి, సరిగ్గా వందమంది అని తేల్చాడు. వాళ్లలో మాటగా పలకగలిగినవాళ్లు 98 మంది. మిగిలిన ఇద్దరు కనిపించరు, అర్థంలో మాత్రమే ఉంటారు. వాళ్లలో ఒకడు పైన చెప్పిన ఇబ్తిదా. ఈ వందమంది పుస్తకం, దాని మీద వ్యాఖ్యానం మన దేశపు మద్రసాల పాఠ్యక్రమంలో చాలాకాలంగా ఉన్నాయి.

చదివింది ఒంటబట్టిందా అని చూసే పరీక్ష కూడా పాతదే. ఒక వాక్యం ఇచ్చి ఒక్కొక్క మాటకూ ఇఅరాబ్ చెప్పమంటారు. ‘దహబత్తాలిబు’లో ‘తాలిబు’ గురించి జవాబు ఇలా సాగుతుంది: ఇది ఫాయిల్, రఫ పొందింది, రఫకు గుర్తు దాని ఆఖరున బయటికి కనిపించే ‘ఉ’. అరబ్బీలో చెప్పేటప్పుడు ఈ జవాబులోనే ‘అలామత్’, ‘జాహిర్’, ‘ఆఖిర్’ అనే మాటలు వస్తాయి. పదవి ఏమిటి, స్థితి ఏమిటి, గుర్తు ఏమిటి, ఈ వరస తప్పకూడదు. వరస తప్పి ముందు గుర్తు చూసి పదవి ఊహించేవాడు అచ్చులు రాసిన పుస్తకంలో గట్టెక్కుతాడు. అచ్చులు లేని పుస్తకంలో మొదటి పంక్తికే చతికిలబడతాడు. అందుకే మొదటిసారి చదివేవాళ్లు అచ్చులన్నీ వేసిన ప్రతితో మొదలుపెట్టినా, అదే పేజీని అచ్చులు లేని ప్రతిలో మరోసారి చదివి సరిచూసుకోవడం మంచిది.

ఈ పనివాళ్ల వ్యవహారమంతా దండగ అన్నవాడు కూడా ఒకడున్నాడు. 12వ శతాబ్దంలో, ఖుర్తుబాకు చెందిన ఇబ్న్ మదా. మాటలు మాటలను ఎత్తడం, దించడం ఏమిటి, అచ్చు పలికేది మాట్లాడే మనిషే కదా అని ఆయన వ్యాకరణవేత్తల మీద ఖండన గ్రంథం రాశాడు. అది శతాబ్దాల పాటు మూలపడి ఉండి, షౌకీ దైఫ్ సంపాదకత్వంలో 1947లో కైరోలో అచ్చయింది. అరబ్ దేశాల్లో దాని మీద పెద్ద చర్చే నడిచింది. అయినా అక్కడి బడి పుస్తకాల్లో పాఠం చివరి అభ్యాసం ఇప్పటికీ ‘అఅరిబ్ మా యలీ’, అంటే ‘కింది వాక్యాలకు ఇఅరాబ్ చెప్పండి’, అనే ఉంటుంది.